గ్యాస్ నొప్పా, పిత్తాశయం నొప్పా? దావత్ రాత్రి నుంచి ఆపరేషన్ తర్వాత ఆరో వారం దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక సర్జికల్ వార్డులో పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు డిశ్చార్జి రోజు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకంగా ఉంటాయి. వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో మా వదిన సంగతి చాలాసార్లు వస్తుంది. ఆమెకు 44 ఏళ్లు. ఇంట్లో నర్సు ఉండి కూడా మూడు నెలలు ఆ నొప్పిని గ్యాస్ అనుకున్నాం. అందుకే ఆమె కథే ఉదాహరణగా తీసుకున్నాను, ఆమెకు చెప్పే రాస్తున్నాను.

ఆ నొప్పి ఎట్లా ఉంటుంది? గ్యాస్ నొప్పి కాదని ఎట్లా తెలుస్తుంది?

ముందు గడియారం చూడండి. దసరా రోజు రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో గారెలు, మటన్, బగారా అన్నం. పదకొండున్నరకు వదిన లేచి కూర్చుంది. ఛాతి ఎముక కింద, కడుపు పైభాగంలో ఎవరో పిడికిలి పెట్టి అదిమినట్టు ఉందన్నది. పావుగంటలో నొప్పి పెరిగింది. పెరిగి అక్కడే నిలబడింది. పిత్తాశయం నొప్పికి ఇది పెద్ద గుర్తు. గ్యాస్ నొప్పి వస్తూ పోతూ ఉంటుంది, కడుపులో అటూ ఇటూ తిరుగుతుంది, తేన్పు వస్తేనో గాలి పోతేనో కాస్త హాయిగా అనిపిస్తుంది. ఈ నొప్పి తిరగదు, తెరిపి ఇవ్వదు. అర గంట నుంచి నాలుగైదు గంటల దాకా ఒకే తీరుగా ఉండి, తర్వాత ఎవరో స్విచ్ ఆపినట్టు తగ్గిపోతుంది.

రెండోది చోటు. కుడివైపు పక్కటెముకల కింద గానీ, సరిగ్గా నడిమధ్యన గానీ వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి, కుడి భుజం రెక్క కిందికి పాకుతుంది. వదిన ఆ రాత్రి చెయ్యి వెనక్కి తిప్పి వీపు మీద ఒక చోటు చూపించి "ఇక్కడ గుచ్చుతుంది" అన్నది. నాకు అప్పుడే వెలగాల్సింది. వెలగలేదు.

మూడోది, ఏం చేసినా తేడా ఉండదు. ఈనో తాగింది, జీలకర్ర నీళ్లు తాగింది, వాంతి కూడా చేసుకుంది. వాంతి అయితే అజీర్తి నొప్పి చాలావరకు దిగుతుంది. ఇది దిగలేదు. పడుకుంటే పడుకోలేదు, కూర్చుంటే కూర్చోలేదు, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది. తెల్లవారి మూడింటికి దానంతట అదే పోయింది. పొద్దున వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపాడు. అప్పటికే నొప్పి లేదు కాబట్టి ఇంజెక్షన్‌తోనే తగ్గిందని అందరం నమ్మాం.

మటన్ తిన్న రోజే ఎందుకు వస్తుంది? కొవ్వు తింటే రాళ్లు అవుతాయా?

ఆ రాత్రి తిన్న మటన్ ఆ రాత్రి రాయిని తయారు చేయదు. రాయి అంతకు ముందే, ఏళ్ల తరబడి, చడీచప్పుడు లేకుండా పెరిగి ఉంటుంది. కొవ్వు చేసే పని వేరు.

కాలేయం రోజంతా పైత్యరసం తయారు చేస్తూ ఉంటుంది. కొవ్వును అరిగించేది అదే. తిండి లేని వేళల్లో ఆ రసం పిత్తాశయంలో చేరి చిక్కబడుతుంది. పిత్తాశయం కాలేయం కింద అతుక్కుని ఉండే చిన్న సంచి, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల రసం పడుతుంది. మనం తిన్న కొవ్వు కడుపు దాటి చిన్న పేగు మొదట్లోకి రాగానే పేగు ఒక హార్మోన్ వదులుతుంది. దాన్ని కోలిసిస్టోకైనిన్ అంటారు. అది రక్తంలో చేరి పిత్తాశయానికి "పిండు" అని చెప్తుంది. సంచి ముడుచుకుంటుంది. లోపల రాయి ఉంటే ఆ ఒత్తిడికి కదిలి సంచి మెడలో గానీ, సన్నటి నాళంలో గానీ ఇరుక్కుంటుంది. దారి మూసుకుపోయినా సంచి పిండుతూనే ఉంటుంది. ఆ పిండటమే నొప్పి. కాసేపటికి రాయి జారి మళ్లీ లోపలికి పడితే నొప్పి పోతుంది. మూడింటికి వదినకు జరిగింది అదే.

కొవ్వు కడుపు దాటి పేగులోకి రావడానికి టైమ్ పడుతుంది కాబట్టే నొప్పి ముద్ద మింగగానే రాదు. గంటకో మూడు గంటలకో వస్తుంది. రాత్రి దావత్ అయితే పండుకున్నాక లేపుతుంది. ఎంత ఎక్కువ కొవ్వు ఒక్కసారి పడితే అంత గట్టిగా పిండుతుంది. బోటి, తలకాయ కూర, నెయ్యి వేసిన బగారా, సకినాలు, మిర్చీ బజ్జీలు, అన్నీ ఒకటే లెక్క. శాకాహారులకు రాదని ఎవరన్నా అంటే నమ్మకండి. గారెలు మాత్రమే తిని వచ్చినవాళ్లు మా వార్డులో ఎందరో. పప్పు, అన్నం, ఒక చెంచా నూనెతో పోపు అంటే మాత్రం చాలామందికి ఏమీ కాదు. అట్లని ప్రతి నొప్పికీ ముందు దావత్ ఉండాలని లేదు, మామూలు తిండి తిన్న రాత్రి కూడా రావచ్చు.

కారం మానేస్తే తగ్గుతుందా?

తగ్గదు. కారానికి పిత్తాశయం ముడుచుకోదు. పచ్చడి తింటే నొప్పి వస్తోందంటే అందులో పైకి తేలిన నూనెను చూడండి.

కార్తీక మాసమంతా నొప్పి రాలేదు. నయమైనట్టేనా?

మేమూ అట్లే అనుకున్నాం. వదిన కార్తీకంలో నీచు ముట్టదు, పొద్దున ఉపవాసం, రాత్రికి పలచటి పప్పు. నెల రోజులు ఒక్క నొప్పి లేదు. "చూశావా, గ్యాసే" అన్నది నాతో. మార్గశిరంలో జనగామలో బంధువుల పెళ్లి, అక్కడి విందు. ఆ రాత్రే రెండోసారి. అదే చోటు, అదే తీరు, ఈసారి నాలుగు గంటలు.

కొవ్వు తగ్గిస్తే పిండటం తగ్గుతుంది, రాయి మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకో సంగతి, రోజుల తరబడి దాదాపు తిండి మానేసి కడుపు మాడ్చుకోవడం, నెలలోపే పది పన్నెండు కిలోలు తగ్గే డైట్లు చేయడం, రాళ్లు పెరగడానికి వాటికవే కారణాలు. సంచి ఖాళీ కాక లోపలి రసం చిక్కబడిపోతుంది. కాబట్టి కొవ్వు తగ్గించండి గానీ పూటలు మానకండి.

గుండె నొప్పి కాదని ఇంట్లో ఉండి ఎట్లా తేల్చుకోవాలి?

తేల్చుకోకండి. చెమటలు పట్టడం, ఊపిరాడకపోవడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, నడిస్తే పెరిగి నిలబడితే తగ్గడం గుండె వైపు చూపే గుర్తులు. కానీ గుండె కింది భాగానికి వచ్చే పోటు ఛాతి ఎముక కింద, అచ్చం కడుపు నొప్పిలా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు మరీ మోసం చేస్తుంది. నలభై దాటినవాళ్లకు, షుగర్ బీపీ ఉన్నవాళ్లకు కడుపు పైభాగంలో కొత్త నొప్పి వస్తే ముందు ఈసీజీ. ఐదు నిమిషాల పని. వదిన చివరికి ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా మొదట ఈసీజీయే తీశారు.

ఏ నొప్పికి తెల్లారే దాకా ఆగొచ్చు, దేనికి ఆగకూడదు?

అర గంటో రెండు గంటలో ఉండి పూర్తిగా పోయి, జ్వరం లేకుండా, కళ్లు తెల్లగా ఉంటే మర్నాడు డాక్టర్‌ను కలిస్తే సరిపోతుంది. కలవడం మాత్రం మానకండి.

ఐదారు గంటలు దాటినా తగ్గకపోతే సంగతి మారిందని అర్థం. రాయి జారలేదు, సంచికి వాపు మొదలైంది. దీన్నే కోలిసిస్టైటిస్ అంటారు. రోగి తీరు కూడా మారిపోతుంది. మామూలు నొప్పిలో అటూ ఇటూ తిరిగిన మనిషి ఇప్పుడు కదలకుండా పడుకుంటుంది, ఎందుకంటే కదిలినా దగ్గినా కుడి పక్కన పోటు. జ్వరం రావచ్చు. పక్కటెముకల కింద చేయి పెట్టి గట్టిగా ఊపిరి తీయమంటే సగంలో ఆగిపోతుంది. వాచిన సంచి కిందికి దిగి చేతికి తగిలినందుకు ఆ ఆగడం. డాక్టర్లు దీన్ని మర్ఫీ సైన్ అంటారు. ఇంట్లో మీరు నొక్కి చూసుకోవాల్సిన పని లేదు.

వదినకు మూడోది భోగి రాత్రి. సకినాలు చేస్తూ చేస్తూ వేడివేడివి తిన్నది. పది గంటలకు మొదలైన నొప్పి పొద్దున ఆరింటికి కూడా పోలేదు, ఒళ్లు 101 డిగ్రీలు. సంక్రాంతి రోజు పొద్దున్నే ఆటో ఎక్కాం.

వీటికంటే తొందర అవసరమైనవి రెండు. ఒకటి, కళ్లు పచ్చబడి మూత్రం చాయ్ డికాషన్ రంగులో వచ్చి, చలితో వణికించే జ్వరం రావడం. అంటే రాయి సంచి దాటి కాలేయం నుంచి వచ్చే పెద్ద నాళంలో అడ్డం పడి, అక్కడ చీము పడుతోందన్న మాట. రెండోది, నొప్పి నడిమధ్య నుంచి వీపులోకి బాణంలా దిగి, ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త ఓర్చుకోగలగడం, ఆగని వాంతులు. అది క్లోమానికి, అంటే పాంక్రియాస్‌కు వాపు. ఈ రెండింటికీ 108కి ఫోన్ చేయండి. దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి. ఏ ఆసుపత్రికి పోయినా కడుపు ఖాళీగా ఉండటమే మంచిది.

ఏ పరీక్షలు చేస్తారు? రిపోర్టులో ఏం చూడాలి?

కడుపు స్కానింగ్, అదే అల్ట్రాసౌండ్, ముఖ్యం. ఆరేడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. తింటే సంచి పిండుకుపోయి చిన్నగా కనిపిస్తుంది, లోపలి రాళ్లు దొరకవు. చాయ్ కూడా తాగకండి, అందులో పాలు ఉంటాయి. అత్యవసరమైతే ఈ నియమం చూడకుండానే తీస్తారు.

వదిన రిపోర్టులో నాలుగు ముక్కలు మాకు పనికొచ్చాయి. రాళ్లు చాలా ఉన్నాయి, అందులో 14 మిల్లీమీటర్లది మెడ దగ్గర ఇరుక్కుంది. సంచి గోడ మందం 5 మిల్లీమీటర్లు, మామూలుగా మూడు దాటకూడదు. స్కానింగ్ కర్రతో నొక్కినప్పుడు సరిగ్గా సంచి మీదే నొప్పి. పెద్ద నాళం వెడల్పు 4 మిల్లీమీటర్లు, అంటే సాగలేదు. రక్తపరీక్షలో బిలిరుబిన్, లైపేజ్ మామూలుగానే ఉన్నాయి, తెల్లకణాలు పెరిగాయి. మొత్తానికి సంచికి వాపు ఉంది, నాళంలోకి రాయి జారలేదు, క్లోమం బాగుంది.

బిలిరుబిన్ పెరిగినా, నాళం సాగినా ఎమ్మార్‌సీపీ అనే ఎమ్మారై తీయిస్తారు. నాళంలోని రాళ్లు మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు కనిపించవు. అక్కడ రాయి ఉంటే నోటి నుంచి గొట్టం పంపి తీసే ఈఆర్‌సీపీ వేరేగా చేయాల్సి ఉంటుంది.

కొండపిండి ఆకు తాగితే రాళ్లు పడిపోతాయా? కరిగించే మాత్రలు లేవా?

కొండపిండి ఆకు రసం మన ఊళ్లలో మూత్రపిండాల రాళ్లకు తాగుతారు. దాని సంగతి పక్కన పెట్టండి, మూత్రానికీ పిత్తాశయానికీ దారే కలవదు. నీళ్లు ఎక్కువ తాగినా, బీరు తాగినా మూత్రం పెరుగుతుంది తప్ప పిత్తాశయంలో రాయి కదలదు. కదిలినా మంచిది కాదు. కదిలితేనే కదా ఇరుక్కునేది!

ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పొద్దున ఆకుపచ్చ ఉండలు పడతాయని వీడియోలు చూసి అడుగుతున్నారు. ఆ ఉండలు తాగిన నూనె పేగులో సబ్బులా గట్టిపడినవి. రాళ్లు ఉన్నవాళ్లు గ్లాసుడు నూనె ఒక్కసారి తాగితే సంచి ఎట్లా పిండుతుందో పైన చదివారు.

అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ అనే మాత్ర ఉంది. సున్నం చేరని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకు మాత్రమే, నెలల తరబడి వాడితే కొందరికి పనిచేస్తుంది. మానేశాక చాలామందికి మళ్లీ వస్తాయి. ఆపరేషన్‌కు శరీరం తట్టుకోనివాళ్లకు డాక్టర్లు ఆలోచించే మందు అది.

స్కానింగ్‌లో రాళ్లు కనిపించాయి, నొప్పి ఎప్పుడూ లేదు. తీయించుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. ఇంకో కారణానికి స్కానింగ్ తీస్తే బయటపడ్డ రాళ్లలో ఎక్కువ భాగం జీవితాంతం ఊరికే ఉంటాయి. ఒకసారి నిజమైన నొప్పి వచ్చిందంటే మాత్రం లెక్క మారుతుంది, మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. నొప్పి లేకున్నా సర్జన్‌తో మాట్లాడాల్సిన వాళ్లున్నారు: మూడు సెంటీమీటర్లు దాటిన రాయి ఉన్నవాళ్లు, సంచి గోడకు సున్నం పట్టినవాళ్లు, సంచి లోపలి గోడకు సెంటీమీటరు పైబడిన కండ, అంటే పాలిప్, పెరిగినవాళ్లు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటి ఉంది. ఆదిలాబాద్, ములుగు వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంటుంది. ఎర్రకణాలు తొందరగా చితికిపోయి, వాటి రంగు పదార్థం నుంచి నల్లటి రాళ్లు తయారవుతాయి. కొవ్వు తిండితో, లావుతో సంబంధం లేకుండా పదిహేను పదహారేళ్ల పిల్లలకు కూడా వస్తాయి. ఆ పిల్లలకు కడుపు నొప్పి వస్తే "సికిల్ సెల్ నొప్పే" అని వదిలేయకుండా ఒకసారి స్కానింగ్ తీయించండి.

సంచి మొత్తం ఎందుకు తీస్తారు? రాళ్లు మాత్రం తీసి కుట్టేయరాదా?

రాళ్లు పుట్టేది ఆ సంచిలోనే. ఉంచితే మళ్లీ పుడతాయి.

వాపు ఉండగానే ఆపరేషన్ చేస్తారా, తగ్గాక చేస్తారా?

ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు నొప్పి మొదలైన మూడు రోజుల్లోపు చేయడానికే ఇష్టపడతారు, వారం దాకా కూడా వీలవుతుంది. మొదటి రోజుల్లో వాపు నీరు పట్టినట్టు మెత్తగా ఉంటుంది, పొరలు విడివడతాయి. ఆలస్యమైతే గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు యాంటీబయాటిక్స్‌తో తగ్గించి ఆరు వారాలాగి చేస్తారు. ఆ ఆరు వారాల్లో మళ్లీ నొప్పి వచ్చి వార్డుకు వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

వదినకు కనుమ పొద్దున చేశారు. ఊరంతా మటన్ షాపుల ముందు లైన్లో ఉంటే మేం థియేటర్ ముందు కూర్చున్నాం. నాలుగు చిన్న రంధ్రాలు, ఒకటి బొడ్డు దగ్గర, మిగతావి పక్కటెముకల కింద. గంటలో అయ్యే పని వాపు వల్ల గంటన్నర పట్టింది. పక్కన సన్నటి డ్రెయిన్ గొట్టం పెట్టారు.

లోపల సరిగ్గా కనిపించకపోయినా, రక్తం ఆగకపోయినా కోసి చేస్తారు. సర్జన్ ముందే ఆ మాట చెప్పి సంతకం తీసుకుంటారు. అది తప్పు జరిగినట్టు కాదు. నాళం ఏదో తెలియకుండా కత్తిరించడం కంటే కోసి చూడటమే మేలు. అప్పుడు కోలుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆపరేషన్ తర్వాత మొదటి వారం ఎట్లా గడుస్తుంది?

మెలకువ వచ్చాక వదిన అన్న మొదటి మాట, "కడుపుకు చేశారు గదా, భుజం ఎందుకు నొస్తుంది?" లోపల చోటు కోసం కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ గాలి ఎక్కిస్తారు. అది డయాఫ్రం అనే పొరను చిరాకు పెడుతుంది, ఆ పొరకూ భుజానికీ నరం ఒకటే. రెండు మూడు రోజుల్లో పోతుంది. లేచి నడిస్తే తొందరగా తగ్గుతుంది. సాయంత్రమే నాలుగు అడుగులు వేయించాం. నడక కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కూడా చూస్తుంది.

రాత్రి గుక్కెడు గుక్కెడు నీళ్లు, మర్నాడు పొద్దున రెండు ఇడ్లీలు. డ్రెయిన్‌లో లేత ఎర్రటి నీరు వచ్చింది, రెండో రోజు తీసేశారు. అందులో ఆకుపచ్చగా గానీ ముదురు పసుపుగా గానీ వస్తే పైత్యరసం కారుతోందని అనుమానిస్తారు. మూడో రోజు ఇంటికి పంపారు. వాపు లేకుండా ముందే అనుకుని చేయించుకుంటే మర్నాడే ఇంటికి పోవచ్చు.

ఇంట్లో ఎక్కువ నొప్పి బొడ్డు దగ్గర ఉంటుంది, సంచిని బయటికి లాగింది చాలాసార్లు అక్కడి నుంచే కాబట్టి. దగ్గేటప్పుడు, తుమ్మేటప్పుడు, మంచం దిగేటప్పుడు చిన్న దిండు కడుపుకు అదిమి పట్టుకుంటే ఓర్చుకోవచ్చు. లేచేటప్పుడు నేరుగా కాకుండా పక్కకు తిరిగి మోచేతి మీద బరువు వేసి లేవాలి. మలబద్ధకం చాలామందికి వస్తుంది, ముక్కకూడదు కాబట్టి నీళ్లు, బొప్పాయి మరవకండి. స్నానం ఎప్పుడన్నది మీ డ్రెస్సింగ్‌ను బట్టి సర్జన్ చెప్తారు, చాలామందికి రెండో రోజు తర్వాత చెంబుతో పోసుకోవచ్చు. గాయాల మీద పసుపు, పౌడర్, నూనె ఏదీ రాయకండి. ఇది ప్రతి అత్తమ్మకూ చెప్తాను, అయినా ప్రతి పదిమందిలో ఒకరు పసుపుతో వస్తారు.

ఏం జరిగితే వెంటనే మళ్లీ ఆసుపత్రికి రావాలి?

ఆపరేషన్ నొప్పి రోజు రోజుకూ తగ్గాలి. నాలుగో రోజు నొప్పి మూడో రోజు కంటే ఎక్కువైతే నాకు భయం. ఇంటికి పోయాక బాగానే ఉండి, మూడు నుంచి ఏడు రోజుల మధ్య నొప్పి పెరిగి, కడుపు ఉబ్బి, తిండి సహించక, జ్వరం వస్తే పైత్యరసం లోపల కారుతోందేమో చూడాలి. నాళానికి వేసిన క్లిప్ దగ్గర గానీ, సంచి వలిచిన చోట గానీ కారుతుంది. తొందరగా గుర్తిస్తే ఎక్కువసార్లు ఈఆర్‌సీపీలో చిన్న గొట్టం, అంటే స్టెంట్, పెడితే మూసుకుంటుంది. ఇది అరుదే, కానీ "ఆపరేషనన్నాక నొప్పి ఉండదా" అని ఇంట్లో ఆపేసుకుంటేనే పెద్దదవుతుంది.

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, వణుకుతో జ్వరం, ఆగని వాంతులు, గాయం నుంచి చీము, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం, ఇవేవి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ఇంటి పనులు, స్కూటీ, బరువులు ఎప్పటి నుంచి? మేడారం పోవచ్చా?

కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజుల్లో వెళ్లొచ్చు. వంట కూడా అంతే. స్కూటీ అయితే ఒక పరీక్ష పెట్టుకోండి: బండి ఆపి ఉంచి, కూర్చుని, గట్టిగా బ్రేక్ వేసి కాలు కింద పెట్టండి. కడుపులో పోటు రాకపోతే నడపొచ్చు. చాలామందికి పది రోజులు పడుతుంది.

బరువుల సంగతిలో మాత్రం నేను మొండిగా ఉంటాను. నాలుగు వారాలు నాలుగైదు కిలోలు దాటొద్దు. నిండు బిందె పదిహేను కిలోలు ఉంటుంది. గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోల దాకా ఉంటుంది. బొడ్డు దగ్గరి గాయం పైన మానినట్టు కనిపిస్తుంది, లోపలి పొర ఇంకా అతుక్కోదు. ఎత్తితే అక్కడ హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే ఒకాయన మూడో వారంలోనే పనికి పోయి, ఏడాది తిరగకముందే హెర్నియాతో మా దగ్గరికే వచ్చాడు. మోసే పని చేసేవాళ్లు ఆరు వారాలు ఆగి, సర్జన్ చూశాకే మొదలుపెట్టండి.

జాతర ఏడు మేడారం ప్రశ్న తప్పకుండా వస్తుంది. రెండు వారాలకే బయల్దేరుతామన్న వాళ్లకు నేను చెప్పేది ఇదే: గాయాలు పూర్తిగా ఆరకముందు జంపన్న వాగులో స్నానం వద్దు, బంగారం నెత్తిన పెట్టుకుని మోయొద్దు, గద్దెల దగ్గరి తొక్కిసలాటలో కడుపుకు మోచేయి తగిలితే చాలు. వదిన వెళ్లాల్సిందేనంటే బెల్లం మా అన్న మోశాడు, ఆమె దూరం నుంచే దండం పెట్టుకుంది.

సంచి లేకుండా తిన్నది ఎట్లా అరుగుతుంది? మళ్లీ మటన్ తినొచ్చా?

పైత్యరసం చేసేది కాలేయం, సంచి కాదు. సంచి పోయాక రసం దాచి ఉంచే చోటు ఉండదు, చుక్కచుక్కగా నేరుగా పేగులోకి కారుతూనే ఉంటుంది. కొంచెం కొవ్వుకు అది చాలు. ఒకేసారి పళ్లెం నిండా బిర్యానీ పడితే మొదట్లో చాలదు.

మొదటి రెండు వారాలు ఇడ్లీ, జావ, పలచటి పప్పు, సొరకాయ, బీరకాయ, మజ్జిగ, తోలు తీసిన చికెన్ పులుసు. తర్వాత రోజుకొకటి కలుపుకుంటూ పోవాలి. వదినకు మూడు వారాల పాటు పొద్దున టిఫిన్ తినగానే మూడుసార్లు బాత్రూమ్‌కు పరుగు. పేగులోకి ఎక్కువగా కారిన రసం పెద్దపేగును రెచ్చగొడితే ఇట్లా అవుతుంది. పూరీ మానేసి, రెండు పెద్ద పూటలను నాలుగు చిన్న పూటలు చేశాక నెమ్మదిగా ఆగింది. కొందరికి నెలల పాటు ఉంటుంది. అట్లాంటప్పుడు డాక్టర్‌కు చెప్పండి, ఆ రసాన్ని పట్టి ఉంచే కొలెస్టైరమైన్ అనే పొడి ఉంది. రాత్రిపూట నిద్రలేపే విరేచనాలు, రక్తం పడటం, బరువు తగ్గడం ఉంటే మాత్రం దీని మీదికి నెట్టేయకండి, వేరే కారణం వెతకాలి.

మటన్ ఐదో వారంలో తిన్నది, నాలుగు ముక్కలు, కొవ్వు తీసేసి. ఏమీ కాలేదు. జీవితాంతం పథ్యం అక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యాక నెలలకు అదే నొప్పి మళ్లీ వచ్చింది. అదెట్లా?

చాలావరకు అసిడిటీయో, పేగు నొప్పో అవుతుంది. కానీ పెద్ద నాళంలో ముందే జారి ఉండిపోయిన రాయి కూడా కావచ్చు. నొప్పి ఉన్న రోజునే లివర్ రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోయే అవకాశం ఎక్కువ. నొప్పి పోయిన వారానికి చేయిస్తే అంకెలు మామూలుగా ఉండవచ్చు.

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి పది లక్షలు. అడ్మిట్ అయ్యే ముందే కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్రను కలిసి, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో పథకం కింద అవుతుందో లేదో అడగండి. రేషన్ కార్డు, ఆధార్, స్కానింగ్ రిపోర్టు వెంట ఉంచుకోండి. ఎం.జి.ఎం. లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రికి పోయేవాళ్లు కూడా పాత కాగితాలన్నీ తీసుకుపోండి.

బయాప్సీ ఎందుకు? క్యాన్సర్ అని అనుమానమా?

కాదు. తీసిన ప్రతి సంచినీ పరీక్షకు పంపడం పద్ధతి. బయటికి మామూలుగా కనిపించే సంచిలో ఎక్కడో ఒకరికి క్యాన్సర్ మొదలై ఉంటుంది, దాన్ని పట్టుకునే దారి ఇదొక్కటే. కొన్నిచోట్ల సంచిని డబ్బాలో పెట్టి ల్యాబ్‌కు తీసుకుపొమ్మని ఇంటివాళ్ల చేతికే ఇస్తారు. అందులో ఫార్మలిన్ ద్రవం పోశారో లేదో చూసుకోండి, ఉత్త నీళ్లలో ఉంచితే పాడైపోతుంది. రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది. అప్పటికి కుట్లు కూడా చూపించుకుని, మనిషి బాగై, ఎవరూ ఆ కాగితం కోసం పోరు. మా వార్డు అల్మారాలో అట్లా మిగిలిపోయిన రిపోర్టుల ఫైలు ఒకటి ఉంది. మీది మీరే తెచ్చుకుని సర్జన్‌కు చూపించండి.

రాళ్లను ఇంటికి ఇస్తారా?

అడిగితే ఇస్తారు, చిన్న ప్లాస్టిక్ సీసాలో. వదినవి ఇరవై మూడు, కొన్ని జొన్నగింజలంత, ఒకటి చింతగింజంత. మా అన్న వాటిని ఫ్రిజ్ మీద పెట్టి వచ్చినవాళ్లకల్లా చూపిస్తుంటే, వంటింట్లో ఇవేందని వదిన రెండో వారంలో పారేసింది.